మొత్తం పీడనం నుంచి రేటు స్థిరాంకం దాకా: ఒక పెరాక్సైడ్ ఆవిరి వియోగం, అడుగడుగునా

ఇంటర్మీడియట్‌లో రసాయన గతిశాస్త్రం చదివిన ప్రతి ఒక్కరికీ ఈ సూత్రం గుర్తుంటుంది:

```
k = (2.303/t) log [P0 / (2P0 − Pt)]
```

వాయు చర్య అనగానే చాలామంది చెయ్యి దీని మీదికే వెళ్తుంది. కానీ ఇది ఒక అణువు సరిగ్గా రెండు అణువులుగా విడిపోయే చర్యలకే పనికొస్తుంది. అక్కడ కూడా పాత్రలో వేరే వాయువు ఏమీ లేనప్పుడే సరైన జవాబు ఇస్తుంది. నిజమైన ప్రయోగంలో ఈ రెండు షరతులూ కలిసి రావడం అరుదు. అందుకే సూత్రాన్ని పక్కన పెట్టి, ఒక అసలైన చర్యను తీసుకుని, పీడనం రీడింగు నుంచి రేటు స్థిరాంకం దాకా ఎలా వెళ్లాలో మొదటి నుంచి చూద్దాం.

నేను ఎంచుకున్నది డై టెర్షియరీ బ్యుటైల్ పెరాక్సైడ్ ఆవిరి. ఇకపై పెరాక్సైడ్ అనే పిలుస్తాను. 1948లో రేలీ, రస్ట్, వాన్ అనే ముగ్గురు దీని వియోగాన్ని వివరంగా ప్రచురించారు. అప్పటి నుంచి భౌతిక రసాయన శాస్త్రం ల్యాబుల్లో ఇది నేర్పడానికి అనువైన చర్యగా నిలిచింది. చర్య ఇది:

```
(CH3)3C-O-O-C(CH3)3  →  2 (CH3)2CO + C2H6
```

ముందుగా మధ్యలోని ఆక్సిజన్–ఆక్సిజన్ బంధం తెగుతుంది. అది బలహీనమైన బంధం, మొత్తం చర్య వేగాన్ని నిర్ణయించేది అదే. వచ్చిన రెండు ముక్కలూ ఒక్కో మిథైల్ రాడికల్‌ను వదిలి అసిటోన్‌గా మారతాయి. రెండు మిథైళ్లు కలిసి ఈథేన్ అవుతుంది. అంటే ఒక అణువు పోయి మూడు వస్తాయి.

పీడనం దేన్ని లెక్కపెడుతుంది

ఉష్ణోగ్రత, ఘనపరిమాణం మారకపోతే పీడనం అణువుల సంఖ్యకు అనులోమానుపాతంలో ఉంటుంది. గేజ్ గుమ్మం దగ్గర నిలబడి తలలు లెక్కపెట్టే మనిషి లాంటిది. లోపల ఎంతమంది ఉన్నారో చెబుతుంది, ఎవరెవరు ఉన్నారో చెప్పదు. ఈ పద్ధతి బలమూ బలహీనతా రెండూ అక్కడే ఉన్నాయి.

ఈ పెరాక్సైడ్ విషయంలో దాని వల్ల ఒక మేలు కూడా జరుగుతుంది. మిథైల్ రాడికల్స్ అన్నీ ఈథేన్‌గా మారవు. ఒక మిథైల్ వెళ్లి అసిటోన్ నుంచి హైడ్రోజన్ లాక్కుని మీథేన్ అవుతుంది, మిగిలిన ముక్క ఇంకో మిథైల్‌తో కలిసి మిథైల్ ఈథైల్ కీటోన్ అవుతుంది. లెక్క చూడండి: రెండు మిథైళ్లు, ఒక అసిటోన్ పోయి ఒక మీథేన్, ఒక కీటోన్ వచ్చాయి. అదే రెండు మిథైళ్లు ఈథేన్‌గా కలిసి ఉంటే ఒక ఈథేన్, ఒక అసిటోన్ ఉండేవి. రెండు దారుల్లోనూ అణువులు రెండే. అందుకే ఈ పక్క చర్య జరిగినా మొత్తం పీడనం చెడిపోదు. అన్ని చర్యల్లోనూ ఇంత అదృష్టం ఉండదు. కాబట్టి ఏ చర్య తీసుకున్నా, పక్క చర్యలు అణువుల సంఖ్యను మారుస్తాయా లేదా అనేది ముందే కాగితం మీద తేల్చుకోవాలి.

అడుగు 1: సంబంధాన్ని మీరే రాబట్టండి

పెరాక్సైడ్ తొలి పీడనం P0 అనుకుందాం. t సమయానికి అందులో x మేర విడిపోయింది. మిగిలిన పెరాక్సైడ్ పీడనం P0 − x. అసిటోన్ 2x, ఈథేన్ x. పాత్రలో చర్యతో సంబంధం లేని వాయువు కొంచెం ఉండొచ్చు, దాని పీడనాన్ని b అందాం. పంపు ఎంత లాగినా కొంత మిగులుతుంది కాబట్టి దీన్ని మొదటి నుంచీ లెక్కలో పెట్టడం మంచిది.

```
Pt = b + (P0 − x) + 2x + x = b + P0 + 2x
P∞ = b + 3P0
P∞ − Pt = 2(P0 − x)
```

మూడో వరుస దగ్గర కాసేపు ఆగండి. కుడివైపున ఉన్నది మిగిలిన పెరాక్సైడ్‌కు రెట్టింపు. అందులో b లేదు. చివరి పీడనం నుంచి ఇప్పటి పీడనాన్ని తీసేసినప్పుడు, రెండింటిలోనూ ఉన్న b కొట్టుకుపోయింది. గేజ్ సున్నా కొంచెం అటూ ఇటూ ఉన్నా అదీ ఇలాగే కొట్టుకుపోతుంది. చర్య ప్రథమ క్రమాంకం కాబట్టి మిగిలిన పెరాక్సైడ్ e^(−kt) ప్రకారం తగ్గుతుంది. అందువల్ల:

```
ln(P∞ − Pt) = ln(2P0) − kt
```

ఇక మనకు కావలసింది ఒక సరళరేఖ వాలు మాత్రమే. వాలుకు t = 0 ఎక్కడ పెట్టామన్నది పట్టదు. గడియారం అయిదు నిమిషాలు ఆలస్యంగా మొదలుపెట్టినా గీత పక్కకు జరుగుతుందే తప్ప వాలు మారదు. ప్రయోగంలో మొదటి కొన్ని నిమిషాలు నమ్మదగినవి కావు కాబట్టి ఈ గుణం చాలా విలువైనది. P0 మీద ఆధారపడే సూత్రానికి ఈ సౌకర్యాలేవీ లేవు.

వేరే చర్యలకు ఒక మాట. ఒక అణువు n అణువులుగా మారితే `P∞ − Pt = (n − 1) × మిగిలిన పీడనం` అవుతుంది. సల్ఫ్యూరైల్ క్లోరైడ్‌కు, అజో ఐసోప్రొపేన్‌కు n = 2, పాఠ్యపుస్తకం సూత్రం అక్కడి నుంచే వచ్చింది. సైక్లోప్రొపేన్ ప్రొపీన్‌గా మారే చర్యలో n = 1. పీడనం అసలు కదలదు కాబట్టి అక్కడ ఈ పద్ధతి పనిచేయదు.

అడుగు 2: పాత్ర, ఉష్ణోగ్రత, గొట్టాలు

అర లీటరు గాజు ఫ్లాస్కు, దాన్ని పూర్తిగా ముంచే నూనె తొట్టి, పీడనం గేజ్, వాక్యూమ్ పంపు, ద్రవాన్ని సిరంజితో ఎక్కించడానికి రబ్బరు మూత ఉంటే చాలు. తొట్టిని 147 °C దగ్గర ఉంచుదాం. ఆ ఉష్ణోగ్రతలో అర్ధాయువు సుమారు 80 నిమిషాలు. రీడింగులు తీరిగ్గా తీసుకోవచ్చు, రోజంతా పట్టదు.

మీ దగ్గరున్న శ్రద్ధలో ఎక్కువ భాగం ఉష్ణోగ్రతకు ఇవ్వండి. ఈ చర్య ఉత్తేజన శక్తి సుమారు 157 కిలోజౌల్/మోల్. ఈ విలువతో లెక్క వేస్తే 147 °C దగ్గర ఒక్క డిగ్రీ తేడాకే రేటు స్థిరాంకం దాదాపు 11 శాతం మారుతుంది. గేజ్ ఎంత సున్నితమైనదైనా, తొట్టి అర డిగ్రీ ఊగితే జవాబు 5 శాతం ఊగుతుంది. కాబట్టి తొట్టిని బాగా కలుపుతూ ±0.1 °C లోపల నిలబెట్టాలి. థర్మామీటర్ బల్బు తొట్టి మూలన కాకుండా ఫ్లాస్కు పక్కనే ఉండాలి.

రెండో విషయం గొట్టాలు. పెరాక్సైడ్ వాతావరణ పీడనంలో 111 °C దగ్గర మరుగుతుంది. గేజ్‌కు వెళ్లే గొట్టం గది వేడిలో ఉంటే ఆవిరి అక్కడ చుక్కలుగా మారి కూర్చుంటుంది. గేజ్ తక్కువ చూపిస్తుంది, తర్వాత పెరాక్సైడ్ తగ్గుతున్నకొద్దీ ఆ చుక్కలు మళ్లీ ఆవిరై లెక్కను ఇంకోవైపు లాగుతాయి. గొట్టం లోపలి గోడ మీద తడి కనిపిస్తే అదే కారణం. గొట్టానికి వేడి టేపు చుట్టి వెచ్చగా ఉంచాలి, పొట్టిగా, సన్నగా ఉంచాలి. తొట్టి బయట ఉన్న వాయువు చర్యలో సరిగా పాల్గొనదు కాబట్టి ఆ చోటు ఫ్లాస్కు ఘనపరిమాణంలో చాలా చిన్న వంతు కావాలి.

జాగ్రత్తలు: ఇది పెరాక్సైడ్, మండే ద్రవం. దాని ఆవిరిని ఎక్కువ పీడనంలో వేడి చేస్తే చర్యలో పుట్టే వేడి బయటికి పోలేక పేలుడు దాకా వెళ్లగలదు. అందుకే తొలి పీడనం తక్కువగా, 60 టార్ దగ్గర పెట్టుకుంటున్నాం. వాక్యూమ్‌లో ఉన్న గాజు లోపలికి పగలగలదు కాబట్టి బయట ఉన్న గాజుకు టేపు చుట్టాలి, ముందు రక్షణ తెర ఉండాలి, కళ్లద్దాలు తీయకూడదు. పర్యవేక్షణ ఉన్న ల్యాబులోనే చేయాల్సిన పని ఇది.

అడుగు 3: లీకు చూసి, ద్రవం ఎక్కించి, రీడింగులు తీయడం

ఫ్లాస్కును నైట్రోజన్‌తో కొన్నిసార్లు నింపి ఖాళీ చేయండి. మిథైల్ రాడికల్స్ ఆక్సిజన్‌తో వెంటనే కలిసిపోతాయి కాబట్టి లోపల మిగిలే కొద్దిపాటి వాయువు గాలి కాకుండా నైట్రోజన్ కావాలి. పంపు వాల్వు మూసి గేజ్‌ను పావుగంట చూడండి. నిమిషానికి 0.01 టార్ లీకు చిన్నదిగానే అనిపిస్తుంది. కానీ 13 గంటలు ఆగితే అది దాదాపు 8 టార్ అవుతుంది. P∞ కోసం మనం ఆగాల్సింది సుమారు అంతసేపు.

ఎంత ద్రవం కావాలి? 60 టార్, అర లీటరు, 420 K లకు ఆదర్శ వాయు సమీకరణం 0.00115 మోల్ ఇస్తుంది. మోలార్ ద్రవ్యరాశి 146, సాంద్రత సుమారు 0.8 గ్రా./మి.లీ. కాబట్టి అది 0.2 మి.లీ. పైచిలుకు. సిరంజితో ఒక్క ఊపులో ఎక్కించి గడియారం నొక్కండి. ద్రవం ఆవిరవుతూ ఫ్లాస్కును కాస్త చల్లబరుస్తుంది, తర్వాత మళ్లీ వేడెక్కుతుంది. ఈ కొన్ని నిమిషాల్లో పీడనం పెరగడానికి కారణం చర్య ఒక్కటే కాదు. అందుకే మొదటి రీడింగును 10వ నిమిషంలో తీసుకుందాం.

కింది అంకెలు లెక్క చూపించడానికి నేను అమర్చినవి. అయితే 147 °C దగ్గర ఈ పెరాక్సైడ్ నిజంగా విడిపోయే వేగానికి సరిపోయేలాగే అమర్చాను. ద్రవం ఎక్కించక ముందు గేజ్ 3.0 టార్ చూపింది.

```
t (min)   Pt (Torr)   P∞−Pt    ln(P∞−Pt)
 10         73.1      109.9     4.700
 20         82.1      100.9     4.614
 40         98.3       84.7     4.439
 60        111.7       71.3     4.267
 80        123.3       59.7     4.089
100        132.7       50.3     3.918
120        140.8       42.2     3.742
 ∞         183.0
```

అడుగు 4: గీత గీసి వాలు తీయడం

స్ప్రెడ్‌షీట్‌లో A2:A8 సమయం, B2:B8 పీడనం అయితే, C2లోని సూత్రాన్ని C8 దాకా లాగి:

```
C2:  =LN(183-B2)
k:   =-SLOPE(C2:C8,A2:A8)
     =EXP(INTERCEPT(C2:C8,A2:A8))
```

వాలు −0.00871 వస్తుంది. అంటే k = 8.71 × 10⁻³ నిమి⁻¹, సెకన్లలో 1.45 × 10⁻⁴ సె⁻¹. అర్ధాయువు 0.693/0.00871, దాదాపు 80 నిమిషాలు.

ఇక్కడితో ఆగకుండా అంతరఖండాన్ని కూడా చూడండి, చాలామంది దాన్ని వదిలేస్తారు. దానికి EXP తీస్తే వచ్చే విలువ 120.0 టార్, అంటే 2P0. కాబట్టి పెరాక్సైడ్ తొలి పీడనం 60.0 టార్. మనం నేరుగా కొలవలేకపోయిన P0 ఇలా దొరికింది. ఇప్పుడు P∞ నుంచి ముందే చూసిన 3.0 తీసేస్తే 180.0, దాన్ని 60.0తో భాగిస్తే సరిగ్గా 3. ఒకటి మూడైందని సమీకరణం చెప్పిన మాటకు ఇది ప్రయోగం ఇచ్చిన సాక్ష్యం. ఈ నిష్పత్తి 2.8 లాంటిది వస్తే వాలు ఎంత అందంగా వచ్చినా నమ్మకండి. ఎక్కడో ఆవిరి ద్రవమైంది, లేదా చర్య ఇంకా పూర్తి కాలేదు, లేదా అణువుల సంఖ్యను మార్చే పక్క చర్య ఉంది.

తప్పు జరిగితే అంకెల్లో ఎలా కనిపిస్తుంది

ఎవరైనా 3.0 టార్ నైట్రోజన్‌ను మర్చిపోయి, తొలి మొత్తం పీడనం 63.0నే P0 అనుకుని, P∞ బదులు 3 × 63 = 189 వాడారనుకుందాం. ఒక్కో రీడింగుకు విడివిడిగా k లెక్కిస్తే 10వ నిమిషంలో 0.00836, 60వ నిమిషంలో 0.00814, 120వ నిమిషంలో 0.00801 వస్తాయి. విలువ ఒకే దిశలో జారుతోంది, చివరికి అసలు విలువ కంటే 8 శాతం తక్కువ. యాదృచ్ఛిక దోషమైతే అటూ ఇటూ ఊగుతుంది. ఇలా ఒకే వైపు జారితే మూల విలువల్లో ఒకటి తప్పని అర్థం. అన్నిటినీ కలిపి సగటు తీసేస్తే ఈ గుర్తు చెరిగిపోతుంది. అందుకే సగటు తీసే ముందు విలువల వరుసను చూడాలి.

P∞ కోసం తొందరపడితే తప్పు ఎదురు దిశలో వస్తుంది. అయిదు అర్ధాయువులకే ఆపేస్తే 120 టార్‌లో ఇంకా 32వ వంతు, అంటే దాదాపు 4 టార్ రావలసి ఉంటుంది. P∞ కేవలం 3 టార్ తక్కువగా, 180 అని తీసుకున్నా 10, 120 నిమిషాల మధ్య k 0.00912 అవుతుంది, 5 శాతం ఎక్కువ. గీత చివర కిందికి వంగుతుంది. ఎందుకంటే చివరి రీడింగుల్లో P∞ − Pt చిన్నది, అదే 3 టార్ లోటు అక్కడ ఎక్కువ శాతం అవుతుంది. పది అర్ధాయువులు ఆగితే మిగిలే లోటు 0.1 టార్ మాత్రమే. అందుకు 13 గంటలకు పైగా పడుతుంది.

ఇక `2P0 − Pt` సూత్రాన్ని ఇక్కడ వాడితే? నైట్రోజన్ తీసేశాక 80వ నిమిషంలో పీడనం 120.3, కానీ 2P0 = 120. లాగ్ లోపల రుణ సంఖ్య వస్తుంది, కాలిక్యులేటర్ ఎర్రర్ చూపిస్తుంది. అలా చూపిస్తే మంచిదే, తప్పు వెంటనే తెలుస్తుంది. మొదటి గంట రీడింగులే ఉంటే ఏదో ఒక జవాబు వచ్చి మోసపోయేవాళ్లం.

రాత్రంతా ఆగలేకపోతే

ఒక దారి, రీడింగులు అయ్యాక తొట్టిని 180 °C దాకా పెంచడం. అక్కడ అర్ధాయువు మూడు నిమిషాల దగ్గరికి వస్తుంది, అరగంటలో చర్య ముగుస్తుంది. తర్వాత మళ్లీ అదే 147 °Cకి తెచ్చి, నిలకడ పడ్డాక పీడనం చదవాలి. వేడిగా ఉన్నప్పుడు చదివితే ఆ అంకెకు అర్థం లేదు.

నాకు ఇంకా నచ్చేది 1926లో గుగన్‌హైమ్ చూపిన పద్ధతి. ఒక స్థిరమైన విరామం Δ ఎంచుకుని, ప్రతి t దగ్గరా Pt విలువను, Δ తర్వాతి విలువలోంచి తీసేయాలి. రెండింటిలోనూ P∞ ఉంది కాబట్టి అది కొట్టుకుపోతుంది:

```
ln(P(t+Δ) − P(t)) = స్థిరం − kt
```

మన పట్టికలో Δ = 80 నిమిషాలు తీసుకుందాం. 20వ నిమిషానికి 132.7 − 82.1 = 50.6. 40వ నిమిషానికి 140.8 − 98.3 = 42.5. ln(50.6/42.5) ను 20తో భాగిస్తే 0.00872. P∞ అసలు తెలియకుండానే అదే జవాబు వచ్చింది. Δ కనీసం ఒక అర్ధాయువు ఉండాలి, రెండు మూడు ఉంటే ఇంకా మంచిది. చిన్నదైతే దగ్గర దగ్గర అంకెల తేడా తీయాల్సి వచ్చి గేజ్ దోషమే పెద్దదవుతుంది. ఈ పద్ధతి ప్రథమ క్రమాంకానికే వర్తిస్తుంది, పైగా క్రమాంకం తప్పైనా గీత కొంతవరకు తిన్నగానే కనిపించవచ్చు. కాబట్టి కనీసం ఒక ప్రయోగంలోనైనా P∞ నిజంగా కొలిచి 3 నిష్పత్తి చూసుకోవాలి.

ఇది నిజంగా ప్రథమ క్రమాంకమేనా

ఒక్క సరళరేఖ దాన్ని నిరూపించదు, ముఖ్యంగా చర్య సగం దాటకపోతే. మన రీడింగులు దాదాపు 65 శాతం దాకా వెళ్లాయి, వీలైతే రెండు అర్ధాయువులు దాటండి. గట్టి పరీక్ష తొలి పీడనాన్ని మార్చడం. 30 టార్‌తో మొదలుపెట్టినా, 60తో మొదలుపెట్టినా k ఒకటే రావాలి. ఎక్కువ పీడనంలో k పెరుగుతుంటే ఫ్లాస్కు మధ్యలో వాయువు తన వేడికే వేడెక్కుతోందేమో చూడాలి. బాగా తక్కువ పీడనంలో k పడిపోతే అది లిండెమాన్ 1922లో వివరించిన పరిస్థితి: అణువుకు విడిపోయేంత శక్తినిచ్చే ఢీలు చాలవు. తర్వాత ఫ్లాస్కులో గాజు గొట్టం ముక్కలు వేసి గోడ వైశాల్యం పెంచి మళ్లీ చేయండి. k మారకపోతే చర్య వాయువులోనే జరుగుతోందని తేలుతుంది.

పద్ధతి నేరుగా వర్తించని చోటు

నైట్రోజన్ పెంటాక్సైడ్‌ను పుస్తకాలు ప్రథమ క్రమాంకానికి మొదటి ఉదాహరణగా చూపిస్తాయి. 1921లో డేనియల్స్, జాన్‌స్టన్ దాన్ని పీడనంతోనే అనుసరించారు. కానీ అందులో పుట్టే నైట్రోజన్ డయాక్సైడ్ రెండు రెండుగా కలిసి N2O4 అవుతూ, మళ్లీ విడిపోతూ ఉంటుంది. అన్నీ NO2గానే ఉంటే చివరి నిష్పత్తి 2.5, అన్నీ N2O4 అయితే 1.5. నిజం ఈ రెండింటి మధ్య ఎక్కడో ఉంటుంది, పైగా చర్య సాగేకొద్దీ మారుతూ ఉంటుంది. NO2 పీడనం పెరిగినప్పుడు జతలూ పెరుగుతాయి కాబట్టి. అంటే P∞ − Pt మిగిలిన పెంటాక్సైడ్‌కు స్థిరమైన గుణకంతో ముడిపడి ఉండదు, P∞ సరిగ్గా కొలిచినా సరే. అక్కడ ప్రతి రీడింగు దగ్గరా ఆ ఉష్ణోగ్రతలోని సమతాస్థితి స్థిరాంకంతో NO2, N2O4 వాటాలు విడివిడిగా లెక్కించి, అప్పుడు మిగిలిన పెంటాక్సైడ్ పాక్షిక పీడనాన్ని రాబట్టాలి. లాగ్ తీయాల్సింది ఆ పాక్షిక పీడనానికే.